మూడు ఆఫర్లు, రెండేళ్ల బాండ్: నా లెక్కలో తప్పెక్కడుందో చెప్పండి

ఫైనలియర్_సత్తుపల్లి

అందరికీ నమస్కారం. మేడ్చల్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మా నాన్న సత్తుపల్లి దగ్గర ఆయిల్‌పామ్ రైతు. ఇంట్లో ఉద్యోగ కాగితాలు చదివి చెప్పగలిగేవాళ్లు లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇప్పటికి మూడు డ్రైవ్‌లలో సెలెక్ట్ అయ్యాను. కంపెనీల పేర్లు రాయడం లేదు.

మొదటిది పెద్ద సర్వీస్ కంపెనీ. ప్యాకేజీ 3.6 లక్షలు. లెటర్ ఆఫ్ ఇంటెంట్ మాత్రమే ఇచ్చారు, జాయినింగ్ తేదీ లేదు. ఏడాది సర్వీస్ అగ్రిమెంట్, మధ్యలో మానేస్తే 50,000. నెలకు చేతికి సుమారు 24,000 వస్తుందని సీనియర్లు చెప్పారు.

రెండోది హైదరాబాద్‌లోనే మధ్యస్థాయి కంపెనీ. ప్యాకేజీ 7 లక్షలు. ఆరు నెలలు ట్రైనింగ్, ఆ ఆరు నెలలూ స్టైపెండ్ 18,000. తర్వాత రెండేళ్ల బాండ్, మానేస్తే 2 లక్షలు. జాయిన్ అయ్యే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు, నాన్నగారి ష్యూరిటీ సంతకం అడుగుతున్నారు.

మూడోది స్టార్టప్. జనవరి నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్, నెలకు 25,000. బాగా చేస్తే 8 లక్షలతో పీపీవో, అంటే ఇంటర్న్‌షిప్ తర్వాత అక్కడే ఉద్యోగం, అన్నారు. బాండ్ లేదు.

మా కాలేజీలో ఒక ఆఫర్ ఒప్పుకుంటే మిగతా డ్రైవ్‌లకు కూర్చోనివ్వరు. ప్యాకేజీ రెట్టింపు ఉన్న డ్రీమ్ కంపెనీకి మాత్రం మినహాయింపు ఉంది. 3.6కి 7 దాదాపు రెట్టింపే కదా, రెండోదే మేలని నా ఆలోచన. శుక్రవారంలోగా కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూసే టీపీవో సార్‌కి చెప్పాలి. నేనేమైనా చూసుకోకుండా వదిలేశానా?

---

కోడర్_కూకట్‌పల్లి

తమ్ముడూ, బాండ్ గురించి అస్సలు భయపడకు. మన దేశంలో ఎంప్లాయ్‌మెంట్ బాండ్లు చెల్లవు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 చదువు, మనిషి పని చేసుకునే హక్కును అడ్డుకునే ఏ ఒప్పందమైనా చెల్లదని రాసుంది. నా ఫ్రెండ్స్ ఇద్దరు బాండ్ మధ్యలోనే మానేశారు, ఒక్క రూపాయి కట్టలేదు. కంపెనీవాళ్లు ఒక నోటీస్ పంపి ఊరుకున్నారు. కళ్లు మూసుకుని 7 లక్షలది తీసుకో. ఏడాది అనుభవం వచ్చాక ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లిపో.

---

హన్మకొండ_వకీలు

పై సలహా పట్టుకుని సంతకం పెట్టొద్దు బాబూ. సెక్షన్ 27 ఉన్న మాట నిజమే. అయితే అది ముఖ్యంగా ఉద్యోగం మానేశాక నువ్వు ఎక్కడా పని చేయకూడదని రాసే షరతులకు వర్తిస్తుంది. ఫలానా కాలం పనిచేస్తాను, లేకపోతే ఇంత కడతాను అనే ఒప్పందం ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించినది. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇదే తేల్చింది. అందులో ఒక సీనియర్ మేనేజర్ మూడేళ్లు నిండకుండా వేరే బ్యాంకుకు వెళ్లాడు, 2 లక్షలు కట్టాల్సి వచ్చింది. ఆ షరతు సెక్షన్ 27 కిందకు రాదని, ఆ మొత్తం కూడా అన్యాయమైనది కాదని కోర్టు చెప్పింది.

అలాగని కంపెనీ ఏ అంకె రాసుకుంటే అది కట్టాలని కూడా కాదు. అదే చట్టంలో సెక్షన్ 74 ఉంది. కాగితంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. 2011లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. బాండ్ 2 లక్షలు, గడువు మూడేళ్లు. ఉద్యోగి రెండేళ్లు చేసి మానేశాడు. కంపెనీ అతని ట్రైనింగ్ మీద పెట్టినట్టు తేలిన ఖర్చు 67,595. మూడింట రెండొంతుల కాలం పనిచేశాడు కాబట్టి మిగిలిన ఒక వంతు, అంటే 22,532 మాత్రమే ఇప్పించింది. అది మన హైకోర్టును కట్టేసే తీర్పు కాదు గానీ వాదనకు బాగా పనికొస్తుంది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చూడు. విజయా బ్యాంకు ప్రభుత్వ రంగ సంస్థగా ఉండేది. ఖాళీ భర్తీ చేయాలంటే మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి, పద్ధతి ప్రకారం నియామకం అంతా నడపాలి. కోర్టు దానికి చాలా బరువు ఇచ్చింది. క్యాంపస్‌కు వచ్చిన ప్రైవేటు కంపెనీ అదే మాట చెప్పుకోగలదా, ట్రైనింగ్ మీద నిజంగా పెట్టిన ఖర్చు చూపాలా అన్నదాని మీద ఇకముందు వాదనలు నడుస్తాయి.

ఒకటి మాత్రం ఖాయం. నిన్ను బలవంతంగా అక్కడే పనిచేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. గొడవ ఎప్పుడూ డబ్బు గురించే.

---

కోడర్_కూకట్‌పల్లి

సార్, 2025 తీర్పు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ 2 లక్షల కోసం కంపెనీ ఫ్రెషర్ మీద కేసు వేసి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతుందా? నేను చూసినంతలో ఎవరూ వేయలేదు.

---

టెస్టర్_రాజమండ్రి

కోర్టు దాకా వెళ్లాల్సిన అవసరమే వాళ్లకు లేదండి. నా అనుభవం చెబుతాను.

నేను 14 నెలలు చేసి మానేశాను. రెండేళ్ల బాండ్, 2 లక్షలు. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేశాను. చివరి రోజు ఫుల్ అండ్ ఫైనల్ లెక్క పంపారు. అందులో 2,36,000 కట్టాలని ఉంది. 2 లక్షల మీద 18 శాతం జీఎస్టీ వేశారు. కడితేనే రిలీవింగ్ లెటర్ అన్నారు. కొత్త కంపెనీ 30 రోజుల్లో రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోతే ఆఫర్ రద్దు అని ముందే రాసింది. అంటే నా మెడ మీద ఉన్నది కోర్టు కాదు, ఆ 30 రోజులు.

జీఎస్టీ విషయంలో ఒక బంధువు దారి చూపించాడు. 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 178/10/2022 నంబరుతో సర్క్యులర్ ఇచ్చింది. ఉద్యోగి బాండ్ మధ్యలో మానేసినందుకు వసూలు చేసే డబ్బు ఏ సేవకూ ప్రతిఫలం కాదు, దాని మీద జీఎస్టీ రాదని అందులో ఉంది. ఆ నంబరు రాసి మెయిల్ పెట్టాను. నాలుగు రోజుల్లో 36,000 తీసేసి కొత్త లెక్క పంపారు. మిగతా 2 లక్షలూ అప్పు చేసి కట్టాను. 14 నెలలు చేసినందుకు ఒక్క రూపాయి తగ్గించలేదు, ఎందుకంటే నేను సంతకం పెట్టిన కాగితంలో ఎన్ని నెలలు మిగిలితే అంత అన్న మాట లేదు. పూర్తి మొత్తం అని ఉంది.

పైన వకీలు గారు చెప్పిన వాదన అప్పట్లో నాకు తెలియదు. తెలిసినా ఆ 30 రోజుల్లో వాదించగలిగేవాణ్ని కాదేమో.

---

గుంటూరు_నాన్న

బాబూ, మా అమ్మాయిని కూడా ఒక కంపెనీ ఇలాగే 1.5 లక్షలు కట్టమంటోంది. జాయిన్ అయ్యే ముందే కట్టాలట, రెండేళ్ల తర్వాత వెనక్కి ఇస్తారట. ట్రైనింగ్ డిపాజిట్ అంటున్నారు. మీరందరూ బాండ్ చెల్లుతుందంటున్నారు కదా, అయితే కట్టేయమంటారా? ఈ శనివారమే ఆఖరు రోజు అన్నారు.

---

పాత_హెచ్ఆర్_అక్క

గుంటూరు_నాన్న గారూ, కట్టకండి. ఈ అబ్బాయి అడిగేది వేరు, మీ అమ్మాయిది వేరు. ఇతని కంపెనీ ఇప్పుడు డబ్బేమీ అడగడం లేదు. మధ్యలో మానేస్తే ఇవ్వమంటోంది. మీ దగ్గర ముందుగానే తీసుకుంటున్నారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు గానీ జాయినింగ్‌కు ముందు డబ్బు తీసుకోరు. ఆఫర్ ఏ మెయిల్ డొమైన్ నుంచి వచ్చింది, డబ్బు కంపెనీ ఖాతాకు వేయమన్నారా, ఎవరో మనిషి పేరున ఉన్న ఖాతాకా, ఇవి చూసి వేరే పోస్టులో వివరంగా రాయండి. నేను చూస్తాను.

ఇక సత్తుపల్లి తమ్ముడూ. నేను తొమ్మిదేళ్లు క్యాంపస్ నియామకాలు చూశాను. ఇలాంటి సర్వీస్ అగ్రిమెంట్లు వందల కొద్దీ మంది చేత సంతకం పెట్టించాను. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నువ్వు బాండ్ మొత్తం చూశావు, కాలం చూశావు. ఆ కాలం ఏ రోజు నుంచి మొదలవుతుందో చూడలేదు. నీ పోస్టులో ‘తర్వాత రెండేళ్ల బాండ్’ అని ఉంది. అంటే ఆరు నెలల ట్రైనింగ్ లెక్కలోకి రాదు. రెండేళ్లు కాదు, 30 నెలలు. అగ్రిమెంట్‌లో ఆ వాక్యం అచ్చంగా ఎలా ఉందో చూసి ఇక్కడ రాయి. కొన్ని చోట్ల ‘ట్రైనింగ్ విజయవంతంగా పూర్తయినట్టు కంపెనీ రాతపూర్వకంగా ధ్రువీకరించిన తేదీ నుంచి’ అని రాస్తారు. ఆ ధ్రువీకరణ ఆలస్యమైతే నీ బాండ్ గడియారం తిరగదు. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న నెలలు, జీతం లేని సెలవులు కూడా కలిపి గడువు పొడిగించేలా రాసినవి నేనే చూశాను.

అలాగే ట్రైనింగ్ పరీక్ష తప్పితే వాళ్లే తీసేస్తారు కదా, అప్పుడు కూడా 2 లక్షలు అడిగేలా ఉందా అన్నది చూడు. ‘ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే’ అని ఉంటే అది చాలా ప్రమాదకరమైన మాట. ‘ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే’ అని ఉండాలి.

ముందు శాలరీ అనెక్జర్ పెట్టు. 7 లక్షలు అన్నది చూసి ఏమీ చెప్పలేం.

---

ఫైనలియర్_సత్తుపల్లి

థ్యాంక్స్ అక్కా. ఇప్పుడే తీసి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ‘ట్రైనింగ్ విజయవంతంగా పూర్తయిన తేదీ నుంచి 24 నెలలు’ అని ఉంది. మానేస్తే పూర్తి 2 లక్షలు, నెలల ప్రకారం తగ్గింపు మాట లేదు. ‘ఏ కారణం చేతనైనా’ అని కూడా ఉంది. ఇది నేను రెండుసార్లు చదివీ పట్టించుకోలేదు.

అనెక్జర్‌లో ఏడాదికి ఇలా ఉంది. నెలవారీ గ్రాస్ 40,000 చొప్పున 4,80,000. కంపెనీ వైపు పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ 11,544. ఇన్సూరెన్స్ 6,856. వేరియబుల్ 60,000. రిటెన్షన్ బోనస్ 1,20,000, ఇది బాండ్ కాలం పూర్తయ్యాక ఒకేసారి ఇస్తారట. అన్నీ కలిపితే 7 లక్షలు.

---

పాత_హెచ్ఆర్_అక్క

ఇప్పుడు ఇద్దరం కలిసి లెక్క వేద్దాం. వేరియబుల్, ఇంక్రిమెంట్ రెండు వైపులా పక్కన పెడుతున్నాను, అవి ఎవరూ హామీ ఇవ్వరు.

40,000 గ్రాస్‌లో నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 38,000. కానీ అది ఏడో నెల నుంచే. మొదటి ఆరు నెలలు 18,000 చొప్పున 1,08,000. తర్వాతి ఆరు నెలలు 2,28,000. అంటే మొదటి ఏడాది నీ చేతికొచ్చేది 3,36,000. మొదటి కంపెనీలో నెలకు 24,000 చొప్పున ఏడాదికి 2,88,000. కాగితం మీద 3.6, 7 అని కనిపించిన తేడా మొదటి ఏడాది 48,000 మాత్రమే, నెలకు 4,000.

రెండో ఏడాది నుంచి రెండోది నిజంగానే మెరుగు, 30 నెలలూ ఉంటే ఇంకా మెరుగు. 30 నెలలకు రెండో కంపెనీలో 10,20,000, దానికి రిటెన్షన్ బోనస్ కలిపితే 11,40,000. మొదటి దాంట్లో అదే కాలానికి 7,20,000. తేడా నాలుగు లక్షలకు పైనే. కాబట్టి అది చెడ్డ ఆఫర్ అని నేననడం లేదు.

అసలు ప్రశ్న, నువ్వు మధ్యలో మానాల్సి వస్తే ఏమిటని. 18వ నెలలో మానేశావనుకో. అప్పటిదాకా వచ్చింది 5,64,000. 2 లక్షలు కడితే మిగిలేది 3,64,000. మొదటి కంపెనీలో 18 నెలలకు 4,32,000, పైగా అక్కడ బాండ్ 12 నెలలకే అయిపోయింది. అంటే 7 లక్షల ఆఫర్ తీసుకుని 3.6 లక్షల ఆఫర్ కన్నా 68,000 తక్కువతో బయటికొస్తావు. లెక్క కడితే 23వ నెలకు గానీ ఇది సమానం కాదు. అంతకుముందు ఏ నెలలో మానేసినా నష్టమే.

అదే 2 లక్షలు, చేసిన నెలల ప్రకారం తగ్గుతుందని రాయించుకుంటే? 18వ నెలకు 24లో 12 నెలలు పూర్తయినట్టే, కట్టాల్సింది లక్ష. చేతిలో 4,64,000 మిగులుతుంది. అప్పుడు మొదటి దానికన్నా పైనే ఉన్నావు. ఒక్క వాక్యం మారితే మొత్తం లెక్క తిరగబడుతుంది. అందుకే ప్యాకేజీ గురించి బేరమాడకు, ఆ వాక్యం గురించి అడుగు.

ఫ్రెషర్ అడిగితే మారుస్తారా అంటే, మొత్తాన్ని తగ్గించరు. కానీ నెలల ప్రకారం తగ్గింపు, రాజీనామా చేస్తేనే వర్తించడం, ఈ రెండూ రాతపూర్వకంగా ఒప్పుకున్న కంపెనీలను నేను చూశాను. అడిగినవాళ్లు తక్కువ, అంతే.

---

కోడర్_కూకట్‌పల్లి

ఈ లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాదికే వెళ్లిపొమ్మని నేనే చెప్పాను. అలా చేస్తే 12వ నెలలో అతనికి మిగిలేది 1,36,000 అన్నమాట. మొదటి దాంట్లో అయితే 2,88,000 వచ్చేది.

కానీ అక్కా, మొదటి కంపెనీలో జాయినింగ్ తేదీ లేదు కదా. ఆ నెలలకు జీతం సున్నా. అది మీ లెక్కలో లేదు.

---

పాత_హెచ్ఆర్_అక్క

మంచి ప్రశ్న. లేదు, కలపాలి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే మిమ్మల్ని తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పడం. అందులో తేదీ లేకపోతే ఎప్పుడు పిలిచినా వాళ్లిష్టం. ఆరు నెలలు ఆలస్యమైతే 1,44,000 పోయినట్టే, అప్పుడు 18 నెలల పోలిక కూడా రెండోదాని వైపే మొగ్గుతుంది. తమ్ముడూ, నీ కాలేజీలో కిందటేడు ఇదే కంపెనీకి సెలెక్ట్ అయినవాళ్లను పట్టుకుని ఎవరిని ఏ నెలలో పిలిచారో అడుగు. ప్లేస్‌మెంట్ సెల్ చెప్పేదానికన్నా ఆ సమాచారం నమ్మదగినది.

---

ఇంటర్న్_విజయవాడ

మూడో ఆఫర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెబుతాను. నేను కిందటేడు ఇలాంటిదే తీసుకున్నాను. ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ‘పెర్ఫార్మెన్స్ ఆధారంగా పీపీవో’. పని చాలా నేర్చుకున్నాను, అది అబద్ధం కాదు. మా బ్యాచ్‌లో తొమ్మిది మందిమి ఉన్నాం, జూన్‌లో ఇద్దరికి ఇచ్చారు. నా పని బాగోలేదని ఎవరూ అనలేదు, బడ్జెట్ లేదన్నారు. అప్పటికి కాలేజీలో డ్రైవ్‌లన్నీ అయిపోయాయి. నాలుగు నెలలు ఖాళీగా ఉండి ఆఫ్ క్యాంపస్‌లో తెచ్చుకున్నాను.

నువ్వు అడగాల్సింది ఒకటే. 8 లక్షల అంకె, పీపీవో ఏ తేదీలోగా చెబుతారన్నది లెటర్‌లో ఉందా, లేక డ్రైవ్ రోజు స్లైడ్‌లో మాత్రమే చూపించారా? నాది స్లైడ్‌లోనే ఉంది.

ఇంకోటి, మీ కాలేజీ ఇంటర్న్‌షిప్‌ను కూడా ఆఫర్‌గా లెక్కేసి మిగతావి వదిలేయమంటుందా? మా దగ్గర అలాగే చేశారు.

---

ఫైనలియర్_సత్తుపల్లి

లెటర్‌లో ఇంటర్న్‌షిప్ స్టైపెండ్, తేదీలు మాత్రమే ఉన్నాయి. పీపీవో అన్న మాటే లేదు. టీపీవో సార్‌ని అడిగితే ఇంటర్న్‌షిప్ ఒప్పుకుంటే మిగతా రెండూ వదిలేసినట్టే అన్నారు. నాకు ఆ స్టార్టప్‌లో పని నిజంగా నచ్చింది, ఇంటర్వ్యూలో అడిగినవన్నీ డేటాబేస్‌ల మీదే. కానీ ఇంటి పరిస్థితికి అంత రిస్క్ తీసుకోలేనేమో.

ఇప్పుడు నా ప్రశ్న ఖాళీ చెక్కుల గురించి. మా సీనియర్లు అందరూ ఇచ్చారట, ఏమీ కాలేదట.

---

హన్మకొండ_వకీలు

చెక్కు ఇవ్వొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. బాండ్ వ్యవహారం సివిల్ కేసు, నష్టం ఎంతో వాళ్లు చూపించుకోవాలి. నువ్వు సంతకం పెట్టిన చెక్కు చేతిలో ఉంటే దాన్ని బ్యాంకులో వేస్తారు, డబ్బు లేక తిరిగొస్తుంది. అప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు పంపవచ్చు. నోటీసు అందాక కట్టడానికి నీకు 15 రోజులు. అది క్రిమినల్ కేసు. పైగా ఆ చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చావని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది నువ్వు. అంటే రుజువు భారం వాళ్ల భుజం మీద నుంచి నీ భుజం మీదకు మారిపోతుంది. గెలిచే అవకాశం ఉన్నా సమన్లు, వాయిదాలు తప్పవు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ నీ దగ్గరే ఉంచుకో. తప్పదంటే ఏమేం తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిస్తారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రసీదు అడుగు. రసీదు ఇవ్వనంటే అక్కడ నమ్మకం ఎంతో నీకే తెలుస్తుంది.

---

టెస్టర్_రాజమండ్రి

రిలీవింగ్ లెటర్ గురించి ఒక చిన్న విషయం కలుపుతాను. కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయకుండా వదిలేస్తే, ఆఖరి చందా జమైన రెండు నెలల తర్వాత మనమే ఈపీఎఫ్‌వో మెంబర్ పోర్టల్‌లో `Mark Exit` ద్వారా వేసుకోవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పీఎఫ్ యూఏఎన్ నంబరు మీద ఉన్న ఉద్యోగ చరిత్ర చూస్తున్నారు కాబట్టి ఇది పనికొస్తుంది. రిలీవింగ్ లెటర్‌కు ప్రత్యామ్నాయం మాత్రం కాదు. ఆఫర్ లెటర్, నెలనెలా పేస్లిప్‌లు, రాజీనామా మెయిల్, వాళ్ల జవాబు సొంత మెయిల్‌లో దాచుకో. చివరి రోజు ఆఫీస్ మెయిల్ ఆగిపోతుంది, నాకు అదే జరిగింది.

---

ఫైనలియర్_సత్తుపల్లి

అప్‌డేట్. పాత_హెచ్ఆర్_అక్క చెప్పినట్టే మర్యాదగా మెయిల్ రాశాను. బాండ్ కాలం జాయినింగ్ తేదీ నుంచి లెక్కించగలరా, మొత్తాన్ని చేసిన నెలల ప్రకారం తగ్గించగలరా, నా రాజీనామాకు మాత్రమే వర్తించేలా మార్చగలరా, చెక్కులు లేకుండా, ఒరిజినల్స్ బదులు జిరాక్స్‌లు ఇస్తే సరిపోతుందా అని నాలుగే అడిగాను. ప్యాకేజీ మాట ఎత్తలేదు.

మొదట టీపీవో సార్ ఫోన్ చేసి కోప్పడ్డారు. కంపెనీ మళ్లీ మన కాలేజీకి రాకపోతే జూనియర్లకు నువ్వు సమాధానం చెబుతావా అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ నిన్న కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఒరిజినల్స్ వెరిఫై చేసి అదే రోజు తిరిగిస్తారట. చెక్కులు అక్కర్లేదన్నారు. ట్రైనింగ్ పూర్తయ్యాక పనిచేసిన ప్రతి నెలకూ 2 లక్షల్లో 24వ వంతు తగ్గిస్తామని మెయిల్‌లోనే రాశారు. జాయినింగ్ తేదీ నుంచి లెక్కించడానికి ఒప్పుకోలేదు. ‘ఏ కారణం చేతనైనా’ గురించి ఏమీ రాయలేదు.

కిందటేడు మొదటి కంపెనీకి సెలెక్ట్ అయిన నలుగురితో మాట్లాడాను. ఇద్దరిని సెప్టెంబర్‌లో, ఒకరిని తర్వాతి ఫిబ్రవరిలో పిలిచారు. నాలుగో అతను ఇంకా ఎదురుచూస్తున్నాడు.

---

పాత_హెచ్ఆర్_అక్క

చాలా మంచి పని చేశావు తమ్ముడూ. ఆ మెయిల్ చాలదు. అగ్రిమెంట్‌లో సాధారణంగా ‘ఇంతకుముందు జరిగిన మాటలు, మెయిళ్లు అన్నిటి స్థానంలో ఈ ఒప్పందమే చెల్లుతుంది’ అని ఒక క్లాజ్ ఉంటుంది. అది ఉంటే ఈ మెయిల్ విలువ తగ్గిపోతుంది. తగ్గింపు మాట అగ్రిమెంట్‌లోనే చేర్చమను, లేదా అనుబంధంగా సంతకం చేసి ఇవ్వమను. జాయినింగ్ రోజు వందమందిని కూర్చోబెట్టి గంటలో సంతకాలు తీసుకుంటారు, అప్పుడు చదివే తీరిక ఉండదు. ముసాయిదా ముందే తెప్పించుకో.

‘ఏ కారణం చేతనైనా’ గురించి ఇంకోసారి అడుగు. జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కాదు. కనీసం ట్రైనింగ్ పరీక్ష తప్పినవాళ్ల దగ్గర ఇప్పటిదాకా వసూలు చేశారా అని అక్కడ పనిచేస్తున్న సీనియర్‌ని అడిగి తెలుసుకో.

---

హన్మకొండ_వకీలు

ష్యూరిటీ సంతకం సంగతి ఏమైంది? దాని గురించి నీ మెయిల్‌లో అడిగినట్టు లేదు.

---

ఫైనలియర్_సత్తుపల్లి

లేదు సార్. అది ఫార్మాలిటీ అనుకున్నాను. నాన్న కూడా ‘నా సంతకమే కదా, పెడతాలే’ అన్నారు.

---

హన్మకొండ_వకీలు

ఫార్మాలిటీ కాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాస్తే తప్ప, ష్యూరిటీ ఉన్న మనిషి బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు నిన్ను అడిగి, నీ దగ్గర రాకపోతేనే మీ నాన్నగారిని అడగాలన్న నియమం లేదు. నేరుగా ఆయన మీదే దావా వేయవచ్చు. ఆయన పేరున భూమి ఉంది కాబట్టే ఆ సంతకం అడుగుతున్నారు. డిక్రీ వచ్చాక ఆ భూమి దాకా పోయే దారి చట్టంలో ఉంది.

2 లక్షలకు అంత దూరం పోతారని నేననడం లేదు. కానీ ఆయనకు తెలుగులో చదివి వినిపించి, అర్థమైన తర్వాతే సంతకం పెట్టించు. ష్యూరిటీ కాగితంలో మొత్తం 2 లక్షలకు మించదని, వడ్డీ, ఖర్చులు కలవవని, నీకు వర్తించే నెలవారీ తగ్గింపే ఆయనకూ వర్తిస్తుందని ఉండాలి.

---

ఇంటర్న్_విజయవాడ

మా బ్యాచ్‌మేట్‌ ఒకడికి ష్యూరిటీ అడిగితే ఇవ్వలేనని చెప్పాడు, వాళ్లు వదిలేశారు. ఇంకొకడిని జాయిన్ చేసుకోలేదు. రెండూ వేర్వేరు కంపెనీలు. కాబట్టి అడిగితే ఏమవుతుందో ముందే చెప్పలేం.

---

ఫైనలియర్_సత్తుపల్లి

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి వకీలు సార్ రాసింది నాన్నకు మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘భూమి మీదకు రాదని రాసిస్తారేమో కనుక్కో, అప్పుడు పెడతా’ అన్నారు.

టీపీవో సార్‌ని బతిమాలి గడువు సోమవారం దాకా తీసుకున్నాను. ష్యూరిటీ పరిమితి, ‘ఏ కారణం చేతనైనా’, తగ్గింపు అనుబంధం, ఈ మూడింటి మీద ఇంకో మెయిల్ ఇప్పుడే పంపాను. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.